శుక్రవారం గరిట

మా పడమటి నెల్లూరు పల్లెల్లో కువైట్‌లో ఉన్న మొగుడికి ఏదైనా పంపాలంటే ముందు తీసుకెళ్ళే మనిషి దొరకాలి. దొరికినా ఆవకాయ అంటే మొహం చాటేస్తాడు. సీసా కారితే కొత్త చొక్కాలు ఏమవుతాయోనని ఆయన బాధ. కారని, కుళ్ళని, బరువుండని సరుకు కోసం ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి వెళ్ళాను.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం కొండ చుట్టుపక్కల దొరికే నర్ది, బిక్కి లాంటి చెట్ల కర్రను ఉలితో మలిచి, ఆకురాయితో నున్నగా రుద్ది, పిడి మీద పూలూ లతలూ తీస్తారు. చాలావరకు ఆడవాళ్ళ పనే. ఒకేలాంటి గరిటెలు రెండు తీసుకున్నాను, ఒకటి ఇక్కడికి, ఒకటి అక్కడికి. అమ్మినామె డబ్బులు తీసుకుంటూ, "నీళ్ళల్లో నానబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. వారానికోసారి నూనె పుయ్యమ్మా" అంది.

ఆ వారానికోసారే మా కాపురాన్ని పట్టుకుంది.

కువైట్‌లో శుక్రవారం సెలవు. బుధవారం విమానమెక్కే మనిషి చేతికిచ్చి, "శుక్రవారం దాకా విప్పొద్దు" అని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. అక్కడ పన్నెండంటే ఇక్కడ రెండున్నర. వీడియోలో పొట్లం విప్పి, "ఏంది మే, ఇంత దూరం గరిట పంపినావా?" అన్నాడు. రూములో నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు గరిటతో గీకి చారలు చేసిన పెద్దమనిషి! చెక్కయితే గీతలు పడవని చెప్పాక నోరు మూశాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అదే తంతు. కడిగి ఆరబెట్టిన గరిటకు రెండు చుక్కల కొబ్బరినూనె రుద్దుతాం. కాసేపాగి, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిడ్డుపట్టి, కొన్నాళ్ళకు ముక్కిన వాసన కొడుతుంది. చెక్క తెల్లబారి, వేలికి నూగు తగిలితే నూనె చాలనట్టు. పిడి చివర సన్నటి బీట కనిపిస్తే ఏసీ గాలి కింద వదిలేసినట్టు. ఈయన అబద్ధాలు ఫోన్లో చెల్లుతాయి గానీ గరిట కెమెరా ముందుకొస్తే చెల్లవు.

కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టడానికి దాదాపు ఏడాదిన్నర ముట్టడి చేసి 1514లో గెలిచాడు. మా ఆయన గరిట పట్టడం నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువే పట్టేట్టుంది. మొన్న చేపల పులుసులో దాన్ని దించి గిరగిరా తిప్పాడు. "అయ్యో, ముక్కలు చితికిపోతాయయ్యా! చేప వేశాక గరిట పెట్టకూడదు, గిన్నె పట్టుకుని కదపాలి" అని ఇక్కణ్ణుంచి అరిచాను. ఆ శుక్రవారం రూమంతా చేపల గుజ్జు తిన్నారు.

మీరూ పంపదలిస్తే ఒక మాట. పులుసుకొకటి, పాయసానికొకటి వేరుగా పంపండి. చెక్క చింతపండు వాసనను తొందరగా వదలదు.