గీత పైకి లేచిన చోట

వరికుంటపాడులో ఉండి పదో తరగతి లెక్కల వీడియోలు చేస్తూ, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని చాలాకాలం నమ్మాను. వీడియోను ఎంతమంది ఎక్కడిదాకా చూశారో యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత చూపిస్తుంది. నా వీడియోల్లో అది మొదటి అర నిమిషంలోనే జారిపోయేది. ఆ అర నిమిషంలో నేను చేస్తున్నది సంగీతం, పలకరింపు, సబ్‌స్క్రైబ్ చేయమని అడగడం. లెక్క ఇంకా మొదలే కాలేదు. అది చూసుకోకుండా పిల్లల్ని తప్పుబట్టాను.

పైగా తంబ్‌నెయిల్ మీద ‘ఇది చూస్తే ఫుల్ మార్కులు’ అని ఎర్రగా రాశాను. నొక్కేవాళ్లు పెరిగారు, సగటున చూసే సమయం మాత్రం తగ్గింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవాలని అప్పుడు తెలియదు. మొదటిది పెరిగి రెండోది పడిందంటే, పైన చెప్పింది లోపల దొరకలేదన్నమాట.

√2 కరణీయ సంఖ్య అని నిరూపించే పాఠం మళ్లీ తీశాను. పాత పేరు ‘పదో తరగతి గణితం తెలుగు మీడియం వాస్తవ సంఖ్యలు పార్ట్ 4’. ఫోన్లో పేరు సగంలో తెగిపోయి, అన్ని పాఠాలూ ఒకేలా కనిపించేవి. ఈసారి ‘√2 కరణీయ సంఖ్య: నిరూపణ | 10వ తరగతి’ అని పెట్టాను. తంబ్‌నెయిల్ మీద √2 = p/q ఒక్కటే, పెద్దగా. కుడివైపు కింది మూలను వీడియో నిడివి కప్పేస్తుంది కాబట్టి అక్కడ ఏమీ రాయలేదు. నోరు తెరవగానే ప్రశ్న చదివాను.

గీత నిలబడింది. మధ్యలో ఒకచోట మాత్రం ఎద్దు మూపురంలా పైకి లేచింది. జనం వెనక్కి తిప్పి చూసిన చోట అలా లేస్తుంది. అక్కడ బాగా చెప్పాననే అనుకున్నాను. ట్యూషన్‌కొచ్చే ఒక పిల్ల చెప్పింది: “ఆడ అర్థంగాక ఎనక్కి తిప్పినా సార్.”

p² = 2q² అని రాసి, కాబట్టి p సరిసంఖ్య అంటూ దాటేశాను. ఎందుకో చెప్పలేదు. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ బేసే. p² సరి కనుక p బేసి కాలేదు. నిరూపణకు ప్రాణం ఆ ముక్కే. ఎక్కించిన వీడియోలో కొంత కోసేయొచ్చు గాని కొత్తగా చెప్పింది అతికించడం కుదరదు. మొత్తం మళ్లీ తీసి ఎక్కించాను.

ప్లేలిస్టులోనూ ఇదే అజాగ్రత్త. కొత్త వీడియో పైన చేరేలా పెట్టుకోవడంతో, మొదట్నుంచీ చూద్దామని వచ్చిన పిల్లకు 3+2√5 కరణీయమని నిరూపించే పాఠం ముందు వచ్చేది. √5 సంగతి తెలియకుండా అది అర్థం కాదు. ఇప్పుడు అధ్యాయానికొక ప్లేలిస్టు, అందులో పుస్తకంలోని వరుస. చివరి ఇరవై సెకన్లలో తర్వాతి పాఠం ఒక్కటే తెర మీద ఉంచుతున్నాను. √2 తర్వాత √5, ఆ తర్వాతే 3+2√5.