తవ్వకాల సమన్వయం

సమన్వయ కమిటీ అంటే, పని ఎవరి వల్ల చెడిందో తేలకుండా అందర్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే ప్రభుత్వ ఏర్పాటు. దీని పనితీరును గమనించడానికి హైదరాబాద్ కాలనీ రోడ్డు చాలు. పైనున్న తారు బల్దియాది, కింది నీళ్ల పైపు జలమండలిది, కరెంటు కేబుల్ డిస్కంది. తవ్వితే ట్రాఫిక్ మళ్లించాల్సింది పోలీసులు. బల్దియా, జలమండలి పురపాలక శాఖ కిందివే అయినా ఎవరి బడ్జెట్ వారిది. డిస్కం ఇంధన శాఖది, పోలీసులు హోం శాఖ. వీళ్లందరికీ ఉమ్మడి పెద్ద కోసం వెతికితే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి దాకా పోవాలి. అరడుగు పైపు కోసం ఆయన్ని కదిలించలేరు గనుక కమిటీ వేస్తారు.

కమిటీకి చీఫ్ ఇంజనీరు రావాలి. ఆయన ఈఈని పంపుతాడు, ఈఈ డీఈని, డీఈ ఏఈని. చివరికి వచ్చిన ఏఈకి నోట్‌బుక్ ఉంటుంది, నిర్ణయాధికారం ఉండదు. "పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాను సార్" అని రాసుకుంటాడు. శాఖలన్నీ సమన్వయంతో పనిచేయాలని మినిట్స్‌లో తీర్మానిస్తారు. సమన్వయం లేదని వేసిన కమిటీ సమన్వయం ఉండాలని తేల్చడం చిన్న విజయమేమీ కాదు!

ఇక నోడల్ అధికారి. అసలు ఉద్యోగం మీద అదనపు బాధ్యతగా ఈ పదవి వస్తుంది. పక్క శాఖ జేసీబీని ఆపే అధికారం ఆయనకు లేదు, ఫోన్ చేసే అధికారం మాత్రం ఉంది. అవతలివాళ్లకు ఎత్తకుండా ఉండే అధికారమూ ఉంది. ఉమ్మడి ప్రణాళిక అనేదీ ఉంటుంది. నాలుగు శాఖల జాబితాలను రెండు అట్టల మధ్య పెట్టి కుట్టడాన్ని అలా అంటారు. ఏ వీధిలో ముందు పైపు, తర్వాత తారు అన్న వరస తప్ప అందులో అన్నీ ఉంటాయి.

ఆ వరస లేకపోవడానికి కారణం క్యాలెండర్. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయని బల్దియా మార్చిలోనే తారు పోస్తుంది. జలమండలికి మంజూరు మేలో వస్తుంది. ఆగితే జలమండలి ఏఈకి మెమో వస్తుంది, తవ్వితే రాదు. కాబట్టి తవ్వుతాడు. రోడ్డు కోత రుసుము బల్దియాకు కట్టేస్తే పాపపరిహారమైనట్టే. కందకాన్ని పొరలుపొరలుగా మట్టి పోసి దిమ్మిస కొట్టి పూడ్చాలి. తీసిన మట్టినే ఒక్కసారి తోసేస్తే తొలి వానకు కుంగుతుంది. పైపు పోయిన దారి వెంట తిన్నగా, అదే వెడల్పున దిగబడిన గుంత కనబడితే అది వానది కాదు, పూడ్చినవాడిది.

మందు తెలియక కాదు. 2019-20లో నగరంలో సుమారు 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను సీఆర్ఎంపీ కింద అయిదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించారు. ఫలానా రోడ్డుకు జవాబుదారీ ఎవరో అక్కడ పేరుతో సహా తెలిసేది. డబ్బు, బాధ్యత, ఆపే హక్కు ఒకరి చేతిలో ఉన్నచోట కమిటీకి పనుండదు. కాలనీ రోడ్లను ఆ జాబితాలో చేర్చలేదు. అవి కమిటీకే మిగిలాయి.