గంపగుత్త నమస్కారం

మొన్న మా మనవడి స్నేహితుడొకడు ఇంటికొచ్చాడు. బూట్లు విప్పుతూనే హాల్లో ఉన్న అయిదుగురినీ ఒక్క చూపులో చుట్టబెట్టి, "నమస్తే అండీ అందరికీ" అంటూ సోఫాలో కూలబడ్డాడు. సంతలో వంకాయలు గంపగుత్తగా బేరమాడినట్టు! అందులో నా వాటా ఎంతో, మా ఆవిడ వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు.

మా రోజుల్లో గడప దాటడానికే పావుగంట పట్టేదిరా అబ్బాయ్. కోనసీమలో మా మేనత్తగారింటికి వెళ్తే ముందు వాకిట్లో గాబు దగ్గర చెంబుతో కాళ్ళు కడుక్కోవాలి. మడమలు తడిశాయో లేదో అత్తయ్య గుమ్మంలోంచే కనిపెట్టేది. నలమహారాజుని కలి పట్టింది కాళ్ళు సరిగ్గా కడుక్కోకనేనట. నన్నెందుకు వదుల్తాడు?

ఆ తరవాత అరుగు మీద పడకకుర్చీలో ఉన్న తాతయ్యగారు. ఆయన్ని దాటి మామయ్యకి ముందు దండం పెట్టామో, ఆయన కన్నా మామయ్యే ఎక్కువ నొచ్చుకునేవాడు. తెచ్చిన అరటిపళ్ళు పిల్లల చేతికి కాదు, అత్తయ్య చేతికివ్వాలి. అవి దేవుడి దగ్గరికి వెళ్ళి వచ్చాకే పిల్లలకి. మామ్మగారు వంటింట్లో మడిగట్టుకుని ఉండేవారు కనక, కాళ్ళు ముట్టుకోవడానికి లేదు. గడప ఇవతలే నిలబడి దండం పెడితే, పోపు వేయిస్తూనే దీవించేవారు. ఆ దీవెనలో సగం ఆవాల చిటపటల్లో కలిసిపోయేది. ఇంత అయ్యాకే కూర్చోవడం, మంచినీళ్ళు. "తాగుతారా" అని అడిగేవాళ్ళు కారు, తెచ్చిపెట్టేవాళ్ళు.

నేనూ తప్పు చేశాననుకో. పద్నాలుగేళ్ళప్పుడు, తాతయ్యగారు నవారు మంచం మీద కునుకు తీస్తుంటే, వరస తప్పకూడదన్న భయంతో ఆయన పాదాలకి దండం పెట్టేశాను. పడుకున్నవాళ్ళకి పెట్టకూడదు, అది పోయినవాళ్ళకి పెట్టే దండం. అత్తయ్య వేసిన కేకకి ఆయన లేచి కూచుని, "మళ్ళీ పెట్టరా, బతికున్నవాడిలా దీవిస్తాను" అన్నారు. అప్పటినించీ నేను ఎవరింటికి వెళ్ళినా ముందు పెద్దాయన నిలువుగా ఉన్నాడా, అడ్డంగా ఉన్నాడా అని చూసుకుంటాను.

ఈ పురాణమంతా ఆ కుర్రాడికి చెప్పాను. బుద్ధిగా విన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కాఫీ వచ్చేలోగా నేను దివాను మీద కాస్త నడుం వాల్చానో లేదో, గబగబా లేచొచ్చి నా కాళ్ళ మీదికి వంగాడు.

"ఆగరా నాయనా, ఇంకా బతికే ఉన్నాను!" అని అరిచాను. లేద్దామంటే మోకాలు సహకరించదాయె. నా మనవడు ఒక రెక్క, మా ఆవిడ ఒక రెక్క పట్టుకుని లేపి కూచోబెట్టేదాకా ఆ పిల్లాడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. కాఫీ చల్లారిపోయిందని కోడలు మళ్ళీ వేడిచేసింది.