పది పౌండ్ల వాటా, పన్నెండు పౌండ్ల విధేయత

ఆస్తి ఒకరిది, దాని మీద పెత్తనం మరొకరిది అయినప్పుడు ఆ ఇద్దరి లాభాలూ ఒకే దిక్కుకు నడవవలసిన అవసరం లేదనే చిన్న సత్యానికి అర్థశాస్త్రజ్ఞులు పెట్టిన పెద్ద పేరు యజమాని–ప్రతినిధి సమస్య. యజమాని అంటే సొమ్ము పెట్టినవాడు, లేదా హక్కు కలవాడు. ప్రతినిధి అంటే అతని తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి జీతానికో కమీషనుకో కుదిరినవాడు. ప్రతినిధికి తెలిసినంత యజమానికి తెలియదు, తెలియదన్న సంగతి మాత్రం ప్రతినిధికి బాగా తెలుసు. చిక్కంతా ఇక్కడే పుడుతుంది. జెన్సెన్, మెక్లింగ్ అనే ఇద్దరు పండితులు 1976లో ఈ చిక్కుకు అయ్యే ఖర్చును మూడు పద్దులుగా రాశారు: ప్రతినిధిని కనిపెట్టి ఉండడానికి యజమాని పెట్టే ఖర్చు, తాను నమ్మకస్థుడినని చూపించుకోవడానికి ప్రతినిధి పెట్టే ఖర్చు, ఈ రెండూ పెట్టిన తరువాత కూడా మిగిలిపోయే నష్టం. రాయచూరు నేల కింది బంగారం చరిత్రను చూస్తే మొదటి రెండు పద్దులూ దాదాపు ఖాళీగానూ, మూడోది నిండుగానూ కనిపించిన కాలం ఒకటి ఉంది.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న రాయచూరు దోఆబ్ 1956 వరకు హైదరాబాదు రాజ్యంలో భాగం. ఇప్పటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టిలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే మనుషులు బంగారం కోసం రాతిలో లోతుగా దిగిన గుర్తులు ఉన్నాయి. ఇంతటి సంపద తన కాళ్ల కింద ఉన్న ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు 1886 నాటికి నిండా ఇరవై ఏళ్లు. ఆయనకు గనుల సంగతి తెలియదు, లండన్ వాటాల బజారు సంగతి అసలే తెలియదు. ఈ రెండూ తెలిసినవాడు, లేదా తెలిసినట్టు నమ్మించగలిగినవాడు, హైదరాబాదు ప్రభుత్వ హోం కార్యదర్శి అబ్దుల్ హక్. రైల్వే ఒప్పందం వ్యవహారంలో లండన్ దొరలతో అప్పటికే మంతనాలు నడిపి అనుభవం గడించిన ఈ అధికారికి సర్దార్ దిలేర్ జంగ్ అనే బిరుదు కూడా ఉండేది. దిలేర్ అంటే ధైర్యవంతుడు కనుక ఆ బిరుదు ఇచ్చినవారిని ఈ ఒక్క విషయంలో తప్పుపట్టడానికి లేదు.

1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు వ్యాపారులకు రాజ్యంలోని ఖనిజాలు తవ్వుకునే హక్కు 99 ఏళ్లకు దఖలు పడింది. ఆ హక్కు మీద లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ వెలిసింది. తరువాతి కాలంలో ఇల్లెందు బొగ్గును తవ్వి, 1920లో తన ఆస్తులను సింగరేణి కాలరీస్‌కు అప్పగించినదీ ఈ కంపెనీయే. మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు, అంటే ఒక్కొక్కటి పది పౌండ్ల ముఖవిలువ గల లక్ష వాటాలు. ముఖవిలువ అంటే కాగితం మీద అచ్చయిన ధర. ఆ ధర చెల్లించే వాటా కొన్నారని చదివేవాడు సహజంగా అనుకుంటాడు. ఆ లక్ష వాటాల్లో 85,000 వాటాలను, పూర్తి సొమ్ము చెల్లించినట్టే లెక్కగట్టి, హక్కు పొందినవారికే ఇచ్చుకున్నారు. వాటి కోసం కంపెనీ ఖజానాకు చేరిన నగదు సున్న. మిగిలిన 15,000 వాటాల సొమ్ము పైసాతో సహా వసూలైందనుకున్నా లక్షన్నర పౌండ్లకు మించదు. గనికి షాఫ్ట్, అంటే లోపలికి దిగే నిలువు బావి, తవ్వడానికీ, యంత్రాలు తేవడానికీ, కూలీలకు ఇవ్వడానికీ ఉన్న అసలు డబ్బు ఆ కొంచెమే.

ఈ 85,000 వాటాల పంపకంలో నిజాం ప్రతినిధి అబ్దుల్ హక్‌కూ భాగం ముట్టింది. ఒప్పందంలో నిజాం తరఫున కూర్చున్న మనిషి అవతలి పక్షం లాభంలోనూ కూర్చున్నాడన్నమాట. అక్కడితో ఆగి ఉంటే దీన్ని లంచం అని ఒక మాటలో తేల్చి ముందుకు పోవచ్చు, ఆయన ఆగలేదు. కొత్త కంపెనీ మీద ప్రభుత్వానికి నమ్మకం ఉన్నట్టు కనబడాలంటే నిజాం సర్కారు కూడా వాటాలు కొనడం మేలన్న ఆలోచన బలపడింది. కొనే పని సహజంగా అబ్దుల్ హక్ చేతికే వచ్చింది. లండన్ బజారులో కొన్నట్టుగా చూపి, వేల కొద్దీ వాటాలను వాటా ఒక్కింటికి పన్నెండు పౌండ్ల చొప్పున ఆయన తన ప్రభువుకు కొనిపెట్టాడు. ఆ వాటాలు బజారు నుంచి రాలేదని, ఊరికే వచ్చిన ఆ వాటాల మూట నుంచే వచ్చాయని, కొన్నవాడి తరఫు మనిషే అమ్మినవాడి తరఫున కూడా లాభపడ్డాడని ఆలస్యంగా బయటపడింది.

ఈ కొనుగోలును నిజాం వైపు నుంచి లెక్క వేసి చూడడం అవసరం. లక్ష వాటాల వెనుక ఉన్న నగదు ఎక్కువలో ఎక్కువ లక్షన్నర పౌండ్లు కనుక ఒక్కో వాటా వెనుక ఒకటిన్నర పౌండ్లకు మించి డబ్బు లేదు. పన్నెండులో మిగిలిన పదిన్నర పౌండ్లు నిజాం దేనికి ఇచ్చినట్టు? తవ్వుకునే హక్కు విలువకు. ఆ హక్కు ఇచ్చినది ఎవరు? నిజామే. తన నేల కింది బంగారం మీద తానే ఇచ్చిన అనుమతిని తన గుమాస్తా దగ్గర నగదు పెట్టి తిరిగి కొనుక్కున్న ప్రభువు ప్రపంచ చరిత్రలో మరొకరు ఉంటే ఆయనకు నిజాం తోడుగా నిలుస్తాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం మన సామెతలకు తెలుసు. ఇక్కడ అల్లుడు అత్త సొమ్మును అత్తకే అమ్మాడు.

గొడవ పత్రికలకెక్కి, బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ 1888లో సెలెక్ట్ కమిటీ వేసి సాక్ష్యాలు తీసుకుంది. అదే ఏడాది అబ్దుల్ హక్ పదవి నుంచి తప్పించబడ్డాడు. ప్రతినిధి దొంగతనాన్ని కనిపెట్టడానికి యజమానికి ఆరు వేల మైళ్ల అవతలి సభ అవసరమైందంటే మొదటి పద్దు, అంటే నిఘా ఖర్చు, ఎందుకు ఖాళీగా ఉందో ఊహించడం కష్టం కాదు.

ఈ కథలో ఆధునిక పాఠ్యపుస్తకాలకు ఇబ్బంది కలిగించే విశేషం ఒకటుంది. జీతగాడు యజమాని లాభం కోరాలంటే అతన్ని కూడా చిన్న యజమానిని చేయాలని, అంటే కంపెనీ వాటాలు కొన్ని అతనికి కట్టబెట్టాలని, ఆ పుస్తకాలు మందు రాస్తాయి. అబ్దుల్ హక్ ఆ మందును ఎవరూ చెప్పకముందే నిండుగా పుచ్చుకున్నాడు. వాటా చేతిలో ఉండడం వల్ల గుణం కలగదు. ఆ వాటాకు సొంత డబ్బు ఎంత పెట్టాడు, దాన్ని ఎన్నాళ్లు అట్టిపెట్టుకోక తప్పదు, ఎప్పుడు ఎవరికి అమ్ముకోగలడు అన్న మూడు షరతుల వల్ల కలుగుతుంది. ఊరికే వచ్చి, వెంటనే అమ్ముకోగలిగి, అమ్మే ధరను తన పలుకుబడితోనే పెంచుకోగలిగిన వాటా ఉన్నవాడు గని బాగుపడాలని కోరడు, గని బాగుంటుందనే పుకారు బాగుపడాలని కోరుతాడు.

తెలుగువారికి ఇదే నాటకం సరిగ్గా 120 ఏళ్ల తరువాత అదే హైదరాబాదులో మరోసారి ప్రదర్శించబడింది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, సత్యం సంస్థాపకుల కుటుంబానికి చెందిన రెండు మైటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. సత్యంలో ఆ కుటుంబం వాటా పదో వంతు కూడా లేదు. కొనే సొమ్ములో తొమ్మిది వంతులు ఇతరులది, అమ్మే సొమ్ము మాత్రం ఇంటిది. వాటాదారులు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటల్లోనే తీర్మానం వెనక్కి పోయింది. 2013 కంపెనీల చట్టం ఇలాంటి బంధు లావాదేవీ పెద్దదైనప్పుడు వాటాదారుల ఆమోదం అడుగుతుంది, ఆ ఓటింగులో బంధువు ఓటు చెల్లదంటుంది. 1887లో ఈ ఒక్క నియమం ఉంటే దిలేర్ జంగ్ ధైర్యానికి పని తగ్గి ఉండేది.

అమ్మకం కొనుగోళ్లలోని మోసం ఎప్పటికైనా కాగితం మీద దొరుకుతుంది. గని లోపల జరగగలిగేది అంతకంటే మర్యాద గల మోసం. అందులో ఎవరూ పైసా తీసుకోరు. బంగారు గనిలో ముడిరాయి అంతా ఒకే నాణ్యత ఉండదు. టన్ను రాయిలో ఎన్ని గ్రాముల బంగారం ఉందో దాన్ని గ్రేడు అంటారు. ఊహకు ఒక గని తీసుకుంటే, అందులో పది లక్షల టన్నుల రాయి, సగటు గ్రేడు నాలుగు గ్రాములు, అంటే మొత్తం 4,000 కిలోల బంగారం ఉందనుకోవచ్చు. మిల్లు ఏడాదికి లక్ష టన్నులు ఆడిస్తుంది, టన్ను తవ్వి ఆడించే ఖర్చు 3.6 గ్రాముల బంగారం విలువకు సమానం. రెండేళ్లకు వచ్చిన మేనేజరు నాసిరకపు చోట్లు ముట్టకుండా ఆరు గ్రాముల రాయి ఉన్న చోట్లనే ఏరి తవ్విస్తే ఏడాదికి 400 కిలోలకు బదులు 600 కిలోలు తీస్తాడు, పత్రికల్లో ఫోటో పడుతుంది, మంచి పోస్టుకు బదిలీ అవుతుంది. అతను వదిలి వెళ్లిన ఎనిమిది లక్షల టన్నుల్లో మిగిలినది 2,800 కిలోలు, సగటు గ్రేడు మూడున్నర, ఖర్చు 3.6 కనుక నిన్నటి దాకా లాభంలో ఉన్న గని ఇప్పుడు సగటున నష్టపు గని. తరువాత వచ్చే మేనేజరుకు అసమర్థుడన్న పేరు ఉచితం. సింధనూరు తాలూకా క్యాంపుల్లో ఏడాది కౌలుకు చేసే రైతు పొలానికి పశువుల ఎరువు ఎందుకు తోలడో అడిగితే ఈ మేనేజరు మనసు తెలిసిపోతుంది.

ఈ పని నేరం కాదు, ఒక్కోసారి తప్పనిసరి కూడా; బంగారం ధర పడిపోయినప్పుడు గొప్ప రాయితో గట్టెక్కడం తెలివే. తెలివికీ తెలివితేటలకూ తేడా పట్టించే గుర్తులు రెండున్నాయి. మిల్లులో ఆడిన రాయి గ్రేడు, నిల్వల సగటు గ్రేడు కంటే ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అనుమానించాలి. రెండవది, కొత్త రాయిని చేరుకోవడానికి తవ్వే సొరంగాల పొడవు, గని పరిభాషలో డెవలప్‌మెంట్ మీటర్లు. బంగారం పెరుగుతూ ఈ మీటర్లు తగ్గుతుంటే రేపటి కూడు ఈ రోజే తింటున్నారని అర్థం.

హట్టి ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ సంస్థ. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలై, రాష్ట్రాల పునర్విభజన తరువాత పేరు మార్చుకుని, కోలారు గనులు 2001లో మూతపడ్డాక దేశంలో చెప్పుకోదగ్గ బంగారు గనిగా మిగిలింది. అక్కడ పై తంతు జరుగుతోందని అనడానికి ఆధారం లేదు, ఇక్కడ అనడమూ లేదు. అయితే దాని యజమానుల వరుసను చూడాలి: జనం ఎమ్మెల్యేను ఎన్నుకుంటారు, ఎమ్మెల్యేలు మంత్రులను నిలబెడతారు, ప్రభుత్వం బోర్డును నియమిస్తుంది, బోర్డు కింద మేనేజింగ్ డైరెక్టరు, ఆయన కింద అధికారులు, వారి కింద షిఫ్టు నడిపేవారు, ఒక్కరు తప్ప ఈ వరుసలో అందరూ ఇంకొకరికి ప్రతినిధులే, ఆ ఒక్కరికి గని దారి కూడా తెలియదు. చట్ట ప్రకారం ప్రభుత్వ కంపెనీల ఆడిటరును కాగ్ నియమించాలి, వార్షిక నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఆ నివేదిక చేతికి వచ్చిన సభ్యుడు ఈ ఏడాది ఎన్ని కిలోలు తీశారని అడగవచ్చు, మిల్లు గ్రేడుకూ నిల్వల గ్రేడుకూ తేడా ఎంతని కూడా అడగవచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చే ఎన్నికల లోపు పనికొస్తుంది, రెండవ దాని జవాబు పనికొచ్చేసరికి ఆ సీటులో మరొకరు ఉంటారు.