లబ్ధిదారులు: ప్రత్యక్షంగా 180, పరోక్షంగా 900

రాయలసీమలో ఒక మండలం. ఆరు ఊళ్లలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే చిన్న స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉందనుకుందాం. ఏ కంపెనీనో సీఎస్ఆర్ కింద తొమ్మిది లక్షలు అడగాలి. దరఖాస్తులో మూడు గడులు నింపాలి: అవసరం, కార్యక్రమాలు, కొలవదగిన ఫలితాలు. ఇక చూడాలి కార్యదర్శిగారి కలం పరుగు.

'అవసరం' గడి వివేకానందుడితో మొదలవుతుంది. అబ్దుల్ కలాం కలల మీదుగా దేశ జనాభాకు చేరుతుంది. ఆపైన అక్షరాస్యత శాతం, ఐక్యరాజ్యసమితి లక్ష్యాలు, చివర 'అందుచేత మా మండలంలో చదువు కేంద్రాలు లేని లోటు తీవ్రంగా ఉంది' అన్న ముక్తాయింపు. భారతదేశమంతా కనిపిస్తుంది, ఆ ఆరు ఊళ్లు తప్ప. పైగా కేంద్రం లేకపోవడమే అవసరమట. కేంద్రం పెడితే అవసరం తీరిపోతుంది. అందులో ఎవరికైనా చదువు వచ్చిందా లేదా అన్నది వేరే దరఖాస్తులో చూసుకోవచ్చు.

'కార్యక్రమాలు' గడిలో సందడి ఇంకా ఎక్కువ. అవగాహన సదస్సులు, ర్యాలీ, సామర్థ్య పెంపు శిక్షణ, తల్లుల చైతన్య సభ, నోటు పుస్తకాల పంపిణీ. ఎవరికి, ఎక్కడ, వారానికి ఎన్ని గంటలు, ఎవరు చెబుతారు అని మాత్రం అడక్కూడదు. ఆ వివరాలు వచ్చాయంటే చైతన్యం పలచబడుతుంది.

అసలు కళంతా మూడో గడిలో ఉంది. '180 మంది పిల్లలు ప్రత్యక్ష లబ్ధిదారులు. ఇంటికి అయిదుగురు చొప్పున 900 మంది పరోక్ష లబ్ధిదారులు. 95 శాతం మందిలో గణనీయమైన మెరుగుదల.' ఒక్క గుణకారంతో పిల్లవాడి తాతగారు కూడా ఫలితమైపోయాడు. అన్నదమ్ములిద్దరూ కేంద్రానికి వస్తే ఆ తాతగారు రెండుసార్లు ఫలితమవుతాడు. ఇక 95 శాతం అంటే దేనిలో, ఎక్కడి నుంచి ఎక్కడికి? మొదట కొలిచినవాళ్లు లేరు కనుక చివర కాదనేవాళ్లూ ఉండరు.

పంచిన సరుకును ఫలితంగా చూపించే ఈ అలవాటుకు ఎదురుదెబ్బ తెలుగు నేల మీదే ఎప్పుడో తగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 తర్వాత ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం చేశారు. లాటరీ పద్ధతిలో వంద ప్రభుత్వ బడులకు గ్రాంటు ఇచ్చారు, వంద బడులకు ఇవ్వలేదు. డబ్బులో ఎక్కువ భాగం పిల్లల నోటు పుస్తకాలకు, రాత సామగ్రికి పోయింది. మొదటి ఏడాది గ్రాంటు ముందుగా చెప్పకుండా వచ్చింది, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు. వాళ్లు తమ చేతి ఖర్చు తగ్గించుకున్నారు. ఆ ఏడాది గ్రాంటు వల్ల మార్కుల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. పుస్తకాలు రెండేళ్లూ అందాయి. 'పంపిణీ పూర్తయింది' అనే నివేదిక రెండేళ్లూ అక్షరాలా నిజమే అయ్యేది.

మరి ఆ కార్యదర్శిగారు ఏం రాయాలి? ముందు కలం పక్కన పెట్టి ఊళ్లోకి నడవాలి. పనిముట్టు సిద్ధంగానే ఉంది. 2005 నుంచి వస్తున్న అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడే కాగితం అది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి చదివిస్తే కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. మన ఆరు ఊళ్లలో మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో అరవై మంది చొప్పున 180 మంది ఉన్నారనుకుందాం. జూలైలో చదివించి చూస్తే కథ చదవగలిగినవాళ్లు మూడో తరగతిలో 9, నాలుగులో 18, అయిదులో 27 అని తేలిందనుకుందాం. మొత్తం 54. అంటే 126 మందికి రెండో తరగతి కథ కొరుకుడు పడటం లేదు. అవసరం గడి నిండింది. వివేకానందుడికి విశ్రాంతి దొరికింది.

కార్యక్రమం ఆ 126 లోంచే పుడుతుంది. ఊరికొక బోధకురాలు, వారానికి అయిదు సాయంత్రాలు, రోజుకు గంటన్నర. పిల్లలను తరగతిని బట్టి కాకుండా, ఎక్కడ ఆగిపోయారో దాన్ని బట్టి జట్లు కట్టడం. అక్షరాల దగ్గర ఆగిన అయిదో తరగతి పిల్లవాడికి కథల జట్టులో పని లేదు. ర్యాలీకి ఇక్కడ చోటు దొరకదు. ర్యాలీ చేస్తే పేరా చదవడం వస్తుందని ఎవరూ అనలేదు కదా.

ఫలితం దగ్గర నిజాయితీపరులు కూడా కాలుజారే చోటు ఒకటుంది. మార్చిలో మళ్లీ చదివిస్తే 115 మంది చదివారనుకుందాం. 54 నుంచి 115కు, అంటే 61 మంది పెరిగారు. కేంద్రం ఘనతేనా? పిల్లలు బడికి కూడా వెళ్తున్నారు, ఏడాది పెద్దవాళ్లయ్యారు. జూలై లెక్కలోనే తరగతి తరగతికీ తొమ్మిదేసి మంది పెరుగుతున్నారు. కేంద్రం లేకపోయినా మూడు తరగతుల్లో కలిపి సుమారు 27 మంది ఎలాగూ నేర్చుకునేవారు. కేంద్రం వాటా 34. ఈ మార్చిలో నాలుగో తరగతి పిల్లలను, జూలై నాటి అయిదో తరగతి పిల్లలతో పోల్చినా గుట్టు తెలుస్తుంది. అప్పుడు 27 మంది చదివితే ఇప్పుడు 28 మందే చదివారంటే, ఆ తరగతి వరకు ఏడాదంతా దీపాలు వెలిగించడమే మిగిలింది.

ఈ లెక్కకూ ఒక లొసుగుంది. రెండు రాష్ట్రాల్లోనూ అయిదో తరగతిలో గురుకులాల ప్రవేశాలుంటాయి. చురుకైన పిల్లలు అప్పుడే ఊరు దాటిపోతారు. జూలైలో ఊళ్లో మిగిలిన అయిదో తరగతి బలహీనంగా కనిపిస్తుంది, దాని పక్కన కేంద్రం పిల్లలు మెరుస్తారు. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్లారో పేర్ల వారీగా రాసిపెట్టుకోవాలి. సగంలో మానేసినవాళ్లను కూడా మొత్తం 180లోంచి తీసెయ్యకూడదు. వాళ్లను తీసేస్తే శాతం దానంతటదే ఎగురుతుంది. రెండోసారి చదివించే మనిషి ఆ ఊరి బోధకురాలై ఉండకూడదు.

ఇంత చేసి '34' అని రాసిన దరఖాస్తు, '900' అని రాసిన దరఖాస్తు పక్కపక్కనే ఒక కమిటీ బల్ల మీదికి వస్తాయి. ఏది గెలుస్తుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. తిమ్మిని బమ్మిని చేయడం కార్యదర్శిగారికి పుట్టుకతో వచ్చిన విద్య కాదు. పెద్ద అంకెకు పెద్ద చెక్కు రాసినవాళ్లే నేర్పారు.

వాళ్లే ఇంకొక పాఠం కూడా చెబుతారు: 'పరిపాలనా ఖర్చు అయిదు శాతం దాటకూడదు, పిల్లల పరీక్ష ఖర్చు అందులోకే వస్తుంది, కొట్టేశాం.' 2021లో సవరించిన సీఎస్ఆర్ నిబంధనల్లో ఆ అయిదు శాతం పరిమితి కంపెనీ తన కార్యాలయంలో చేసుకునే ఖర్చుకు. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మదింపు ఖర్చులు అందులోకి రావని ఆ నిబంధనల నిర్వచనంలోనే ఉంది. అయినా పిల్లలను చదివించి చూడటానికి ఆరు ఊళ్లు తిరిగే మనిషి బస్సు ఛార్జీ మీద ఎర్ర సిరా పడుతుంది. ప్రారంభోత్సవం ఫ్లెక్సీకి, ముఖ్య అతిథి శాలువాకు, పూలదండకు మాత్రం కార్యక్రమ ఖర్చు కింద దర్జాగా పద్దు దొరుకుతుంది.