నవమి పందిరి వేసే కుర్రాళ్లకు ఒక పెద్దమనిషి సలహాలు

మన తాతలు తాటాకు పందిరి వేసేవాళ్లు. ఆకు సందుల్లోంచి గాలి దారి చూసుకుని పోయేది, పందిరి చెక్కుచెదిరేది కాదు. అందులో మజా ఏముంది? మీరు గుడ్డ వేయండి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు షామియానాను ఎక్కడా గాలి పోయే సందు వదలకుండా బిగించండి. బందరులో మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. ఆ 600 చదరపు అడుగుల గుడ్డ కింద అది దూరిందంటే తెరచాప ఎత్తినట్టే. దివిసీమ వాళ్లకు తెరచాప కొత్తా ఏమన్నానా?

వెదురు రాటకు రెండడుగుల గుంట తవ్వాలని మేస్త్రి అంటాడు. సిమెంటు రోడ్డు ఎవడు పగలగొడతాడు? ఇసుక పోసిన పెయింటు డబ్బాల్లో నిలబెట్టండి. మూలల్లో ఏటవాలు కర్రలు కట్టొద్దు, ఫొటోలకు అడ్డం. నాలుగు వైపులా నేలకు లాగి కట్టే తాళ్లు కూడా వద్దు, జనం కాళ్లకు తగులుతాయి. రాట ఊగితే నలుగురు కుర్రాళ్లను పట్టుకోమనండి. కల్యాణం అయ్యేదాకానే కదా.

ఇక దీపాలు. గుడివాడ వీధిలో పక్క పందిరి కంటే మనది వెలగాలి, అదే కొలత. 500 వాట్ల హాలోజన్లు నాలుగు తెచ్చి గుడ్డకు జానెడు దూరంలో కట్టండి. పెడన కలంకారీ గుడ్డయితే రంగులు ఇంకా బాగా కనిపిస్తాయి. నాలుగూ కలిసి 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. దానికి సీరియల్ సెట్టు సన్న వైరే చాలు. చేత్తో పట్టుకుంటే వేడిగా తగిలిందా, కరెంటు పుష్కలంగా వస్తున్నట్టు. కరెంటాఫీసులో తాత్కాలిక కనెక్షన్ అడగడం చిన్నతనం, స్తంభం తీగ మీద కొక్కెం వేస్తే సరి. అతుకులకు టేపు చుట్టడం కూడా దండగ ఖర్చే.

బంతి దండలు ఆ వైర్ల మీదే చుట్టండి, వేరే తాడు ఖర్చు తప్పుతుంది. సాయంత్రానికి వాడిపోతాయనుకుంటే గంటకోసారి చెంబుతో నీళ్లు చల్లుతూ ఉండండి. అతుకుల దగ్గర చిటపటమంటే అది భక్తుల చప్పట్లనుకోండి.

2023 మార్చి 30న, సరిగ్గా శ్రీరామనవమి నాడే, తణుకు దగ్గర దువ్వలో వేణుగోపాలస్వామి గుడి ముందు వేసిన చలువ పందిరి తగలబడిందని ఎవరైనా గుర్తు చేస్తారు. అది తాటాకు, మనది గుడ్డ అని చెప్పి కూర్చోబెట్టండి. గుడ్డ అంటుకోదని మీరు అనలేదు కాబట్టి అబద్ధం కూడా కాదు.

దారి ఒకటే ఉంచండి. రెండోది ఉంటే జనం చందా డబ్బా చూడకుండా జారుకుంటారు. ఆ ఒక్క దారిలోనే పానకం డ్రమ్ము, వడపప్పు బల్ల పెట్టండి. తొందరగా బయటికెళ్లాలంటే ఎలా అని ఎవరైనా అడిగితే, ప్రసాదం తీసుకోకుండా వెళ్లే తొందర ఏమొచ్చిందని గట్టిగా ఎదురడగండి.