కొండ కింద హుండీ

తిరుపతిలో ఒకాయన ఇంటిపన్ను ఆన్‌లైన్‌లో కట్టాడు. బ్యాంకులో డబ్బు పోయింది, రసీదు రాలేదు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ! భయపడి కౌంటర్‌లో మళ్లీ కట్టాడు. తర్వాత మొదటి రసీదూ ఊడిపడింది.

‘వాపసివ్వండి, లేదా వచ్చే అర్ధ సంవత్సరానికి సర్దండి’ అని అర్జీ పెట్టాడు. అసెస్‌మెంట్ నంబరు, రెండు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాడు.

‘రెండుసార్లూ నువ్వే కట్టినావని రుజువేంది సామీ?’ అన్నాడు గుమాస్తా.

మనం ఆలస్యం చేస్తే వడ్డీ. వాళ్లు చేస్తే ‘ఫైలు పైకి పోయింది’. ఎంత పైకో, ఏడుకొండలూ దాటిందేమో! హుండీలో వేసింది ఎవరైనా తిరిగి అడుగుతారా?

ఈలోగా వచ్చే అర్ధ సంవత్సరం డిమాండ్ నోటీసు మాత్రం ఠంచనుగా వచ్చింది. పూర్తి మొత్తానికి.